రెజ్యూమె చివరి పేజీలో మనం ఎవరికి జవాబు చెబుతున్నాం?

ఉద్యోగాలు వెతుక్కునే మన పిల్లలు తరచూ రెజ్యూమెలు పంపి "అన్నా, ఒకసారి చూడు" అంటుంటారు. మొదటి పేజీ ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. చివరి పేజీ మాత్రం అందరిదీ ఒక్కటే. పర్సనల్ ప్రొఫైల్ అని హెడ్డింగు. కింద తండ్రి పేరు, పుట్టిన తేదీ, లింగం, పెళ్లి అయిందా లేదా, జాతీయత, మతం, కొందరైతే కులం కూడా, ఆ తర్వాత శాశ్వత చిరునామా. పైన కుడిపక్క మూలలో పాస్‌పోర్టు సైజు ఫొటో. చివర "పైన రాసినదంతా నిజమని ప్రమాణం చేస్తున్నాను" అని సంతకం.

ఇది ఎవరు నేర్పారని అడిగితే "సీనియర్ ఫార్మాట్ ఇచ్చాడన్నా" అంటారు. ఆ సీనియర్‌కి ఇంకో సీనియర్ ఇచ్చాడు. కాస్త జాగ్రత్తగా చూడండి, పెళ్లిళ్ల పేరయ్య చేతికి ఇచ్చే కాగితంలో కూడా ఇవే లైన్లు ఉంటాయి. అక్కడ తండ్రి పేరు, ఊరు, మతం, కులం ఎందుకు అడుగుతారో మనకు తెలుసు. ఉద్యోగం ఇచ్చేవాడికి అవి ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు దేశాన్ని బట్టి మారుతుంది. అది తెలియక మనవాళ్లు ఒకే కాగితాన్ని హైదరాబాదుకీ, రియాద్‌కీ, జర్మనీకీ పంపుతున్నారు. ఒకచోట చెప్పనక్కర్లేని విషయం చెప్పేస్తున్నారు, ఇంకోచోట చెప్పాల్సింది తప్పుగా చెబుతున్నారు.

ఈమధ్య ఒక చెల్లి పంపిన రెజ్యూమె చూశాను. దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. బి.ఎస్సీ. నర్సింగ్ చదివింది. జిల్లా కేంద్రంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో రెండేళ్లు చేసింది. మూడుచోట్ల ప్రయత్నిస్తోంది: హైదరాబాదులో ఒక కార్పొరేట్ ఆసుపత్రి, సౌదీ, జర్మనీ. ఆమె చివరి పేజీలో మతం దగ్గర "క్రిస్టియన్" అని ఉంది. చిరునామాలో ఇంటి నంబరు, దాని పక్కన "ఎస్సీ కాలనీ" అని ఉంది. పెళ్లి కాలేదని ఉంది. ఫొటో ఉంది. ఐసీయూలో ఎన్ని బెడ్లు చూసింది, వెంటిలేటర్ మీద ఉన్న రోగుల్ని చూసిందా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? అవి మాత్రం లేవు.

ముందు హైదరాబాదు సంగతి చూద్దాం.

మన దేశంలో ప్రైవేటు కంపెనీ ఉద్యోగానికి ఎవర్ని పిలవాలి, ఎవర్ని పిలవకూడదు అనే దగ్గర వివక్షను మొత్తంగా నిషేధించే సమగ్ర చట్టం లేదు. రాజ్యాంగం 16వ అధికరణ హామీ ఇచ్చింది ప్రభుత్వ ఉద్యోగాల్లో సమానావకాశానికి. ప్రైవేటు హెచ్ఆర్ బల్ల మీద ఒక రెజ్యూమె పక్కకు పోతే, ఎందుకు పోయిందో అడిగే హక్కు మనకు ఆచరణలో లేదు. అందుకే ఆ బల్ల మీదకు ఏం పంపుతున్నామన్నది ముఖ్యం.

ఇది ఊహ కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ కలిసి చేసిన అధ్యయనం 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ఇంగ్లిషు పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు వాళ్లు ఒకే అర్హతలున్న దరఖాస్తులు పంపారు. మార్చింది పేరు మాత్రమే. ఒకటి అగ్రకుల హిందూ పేరు, ఒకటి దళిత పేరు, ఒకటి ముస్లిం పేరు. పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. మతం లైను లేకుండా, ఫొటో లేకుండా, వట్టి పేరుతోనే ఇంత తేడా.

ఇంకో అధ్యయనం కూడా ఉంది, దాచకుండా చెప్పాలి. అభిజిత్ బెనర్జీ, మరి ముగ్గురు ఢిల్లీ ప్రాంతంలో ఇలాంటి ప్రయోగమే చేసి 2009లో ప్రచురించారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో వాళ్లకు కులం వల్ల తేడా కనపడలేదు. కాల్ సెంటర్ ఉద్యోగాల్లో కనపడింది. అంటే అన్ని బల్లలూ ఒకటి కావు. కానీ మన దరఖాస్తు ఏ బల్ల మీద పడుతుందో మనకు ముందే తెలియదు.

కాబట్టి ఆ చెల్లికి చెప్పింది ఇది. హైదరాబాదు రెజ్యూమెలో మతం తీసెయ్. కులం, తండ్రి పేరు, పెళ్లి లైను తీసెయ్. ఫొటో ప్రకటనలో అడిగితే తప్ప పెట్టకు. పుట్టిన తేదీ కూడా రాయక్కర్లేదు. చిరునామాలో ఊరు, జిల్లా, ఫోను, ఈమెయిలు చాలు. ఈ చిరునామా లైనును చాలామంది పట్టించుకోరు. మతం, కులం తీసేసిన రెజ్యూమెలో కూడా ఎస్సీ కాలనీ, అరుంధతి నగర్, హరిజనవాడ అని మిగిలిపోతుంది. ఇంటర్వ్యూకి పిలవడానికి ఎవరికీ మన వీధి పేరు అక్కర్లేదు.

మతం లైను విషయంలో మన ఇళ్లకు ఇంకో బరువుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వాళ్లనే షెడ్యూల్డు కులాలుగా గుర్తిస్తారు. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చారు. క్రైస్తవుల్ని ఇప్పటికీ చేర్చలేదు. ఆ ఉత్తర్వు న్యాయమా అన్యాయమా అన్నది వేరే పెద్ద పోరాటం. కానీ అది అమల్లో ఉన్నంతకాలం, ఎవరూ అడగకుండానే మతం రాసి, కింద "ఇదంతా నిజం" అని సంతకం పెట్టిన కాగితాన్ని ఊరూరా పంచడం ఎందుకు? విశ్వాసం ఆమె సొంతం. ఆసుపత్రి హెచ్ఆర్‌కు దానితో పని లేదు.

"మరి పీఎఫ్‌కి ఇవన్నీ కావాలి కదా అన్నా?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఉద్యోగంలో చేరేటప్పుడు పీఎఫ్ డిక్లరేషన్ ఫారంలో తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన తేదీ, వివాహ స్థితి అడుగుతారు. గ్రాట్యుటీ నామినేషన్‌కి వాడుతూ వచ్చిన ఫారం ఎఫ్‌లో అయితే మతం గడి కూడా ఉంది. అవి చేరిన తర్వాత నింపేవి. అప్పటికి ఎంపిక అయిపోయింది. అసలు తేడా ఇక్కడే ఉంది. ఎంపికకు ముందు అడిగితే అది జల్లెడ. ఎంపిక తర్వాత అడిగితే అది రికార్డు. మన పాత ఫార్మాటు ఈ రెండింటినీ కలిపేసింది.

ఇక సౌదీ. ఇక్కడ నా సలహా పూర్తిగా తిరగబడుతుంది. గల్ఫ్ దేశాలకు పంపే సీవీలో ఫొటో, పుట్టిన తేదీ, జాతీయత, వివాహ స్థితి ఉండటం మామూలు. తీసేస్తే ఏజెన్సీ మళ్లీ ఫోన్ చేసి అడుగుతుంది, లేదా పక్కన పడేస్తుంది. వాటికి కొన్ని కారణాలున్నాయి, అవి మనకు నచ్చినా నచ్చకపోయినా. ప్రకటనలోనే వయోపరిమితి ఉంటుంది. వివాహ స్థితిని బట్టి సింగిల్ కాంట్రాక్టా, ఫ్యామిలీ కాంట్రాక్టా అనేది, వసతి ఎలా ఇస్తారనేది తేలుతుంది. వీసా దరఖాస్తులో మతం గడి ఉంటుంది. మక్కా నగరంలోకి ముస్లిమేతరులకు ప్రవేశం లేదు కాబట్టి అక్కడి ఆసుపత్రికి ముస్లిం నర్సులే కావాలని అడుగుతారు.

అందుకని సౌదీ సీవీలో ఫొటో, పుట్టిన తేదీ, వివాహ స్థితి రాయమన్నాను. మతం ప్రకటనలో గానీ ఫారంలో గానీ అడిగితేనే రాయమన్నాను. రాస్తే వీసా ఫారంలో రాసేదీ అదే అయి ఉండాలి. కులం, తండ్రి కులవృత్తి, కాలనీ పేరు అక్కడ కూడా ఎవరికీ అక్కర్లేదు. పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇంటిపనికి వెళ్లే మన అక్కచెల్లెళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. పదో తరగతి పాసు కాని వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కింద వస్తుంది. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్ పనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలని మన ప్రభుత్వ నియమం. 26 ఏళ్ల అమ్మాయికి 31 అని రాయమనే ఏజెంటు ఆమెను ఆ నియమం ఇచ్చే రక్షణ బయటకు నెడుతున్నాడు. తేదీ మార్చమన్న రోజే ఆ ఏజెంటును వదిలేయాలి. సీవీతో పాటు పాస్‌పోర్టు కాపీ ముందే అడిగితే, అతను విదేశాంగ శాఖ దగ్గర నమోదైన ఏజెంటేనా అని చూసుకున్నాకే ఇవ్వాలి.

జర్మనీ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అక్కడ సీవీ పట్టిక రూపంలో ఉంటుంది. పైన ఫొటో, కింద తేదీ వేసి సంతకం. ఒకప్పుడు వివాహ స్థితి, మతం, కొన్నిసార్లు తల్లిదండ్రుల వృత్తి కూడా రాసేవాళ్లు. 2006లో సమాన వ్యవహార చట్టం వచ్చింది. జర్మన్లు దాన్ని ఏజీజీ అంటారు. ఆ తర్వాత ఫొటో తప్పనిసరి అని అడగడం సంస్థలు మానుకున్నాయి. కానీ అలవాటు పోలేదు. ఇప్పటికీ చాలామంది ఫొటో పెడతారు, చూసేవాళ్లూ దాన్ని ఆశిస్తారు.

ఆ ఫొటో ఏం చేస్తుందో డోరిస్ వైక్సెల్‌బౌమర్ అనే ఆర్థికవేత్త చూపించింది. ఒకే అమ్మాయి ఫొటో, ఒకే అర్హతలు. ఒక దరఖాస్తులో జాండ్రా బావర్ అనే జర్మన్ పేరు పెట్టింది. రెండోదానిలో మెర్యెమ్ ఓజ్‌తుర్క్ అనే టర్కీ పేరు. మూడోదానిలో అదే టర్కీ పేరు, ఫొటోలో తలకు స్కార్ఫు. జర్మన్ పేరుకు నూటికి 18.8 పిలుపులు వచ్చాయి. టర్కీ పేరుకు 13.5. స్కార్ఫు ఫొటోకు 4.2. పేరు వల్ల పడిన దెబ్బ కంటే ఫొటో వల్ల పడిన దెబ్బ పెద్దది. 2016లో వచ్చిన ఈ లెక్క చూశాక ఫొటోను మర్యాద కోసం పెట్టేదిగా నేను చూడలేను.

చెల్లికి చెప్పాను: ఫొటో చట్టప్రకారం తప్పనిసరి కాదు, పెట్టకుండానే పంపు. నర్సుల కొరత ఉన్న దేశం, నీ బీ2 జర్మన్ సర్టిఫికెట్టూ ఐసీయూ అనుభవమూ మాట్లాడతాయి. పుట్టిన తేదీ, జాతీయత రాయి. అక్కడ అది ఇంకా మామూలే, డిగ్రీ గుర్తింపు కాగితాల్లో, వీసాలో ఎలాగూ ఉంటుంది. పెళ్లి సంగతి వద్దు.

మతం దగ్గర మాత్రం ఆమె ఒక మాట అంది. "అన్నా, అక్కడ చర్చి ఆసుపత్రులు ఉన్నాయట కదా. క్రిస్టియన్ అని రాస్తే మంచిదే కదా?" నిజమే. కాథలిక్కుల కారిటాస్, ప్రొటెస్టంట్ల డియాకొనీ జర్మనీలో లక్షలాది మందికి ఉద్యోగాలిచ్చే సంస్థలు. ఇక్కడ ముల్లైన లైను అక్కడ సాయం చేయొచ్చు. కానీ 2018లో యూరప్ న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. చర్చి సంస్థ అయినా సరే, ఆ ప్రత్యేకమైన పనికి మతం నిజంగా అవసరమని చూపించగలిగితేనే దాన్ని షరతుగా పెట్టొచ్చు. కాథలిక్ చర్చి కూడా 2022లో తన ఉద్యోగ నియమాలను సడలించింది. అందుకని సంస్థ చర్చిదైతే, నీకు ఇష్టమైతే రాయి. మిగతా చోట్ల వద్దు. ఇంకొకటి కూడా తెలుసుకో. అక్కడికి వెళ్లాక పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేసేటప్పుడు మతం అడుగుతారు. కాథలిక్ లేదా ఎవాంజెలిష్ అని రాయిస్తే, నీ ఆదాయపు పన్ను మీద రాష్ట్రాన్ని బట్టి 8 లేదా 9 శాతం చర్చి పన్ను జీతంలోంచి కోస్తారు. రాయించాలా వద్దా అన్నది తెలిసి నిర్ణయించుకో.

అమెరికా, బ్రిటన్ వెళ్లే పిల్లలకు లెక్క తేలిక. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా ఉండకూడదు. అక్కడ ఫొటోతో వచ్చిన రెజ్యూమెను చూసి హెచ్ఆర్ వాళ్లే ఇబ్బంది పడతారు. రేపు కేసు పడితే "నీకు ముఖం ముందే తెలుసు కదా" అంటారని భయం. బ్రిటన్‌లో జాతి, మతం, వయసు వివరాలు చాలా సంస్థలు అడుగుతాయి, కానీ వేరే ఫారంలో. ఆ ఫారం ఎంపిక చేసేవాళ్ల దగ్గరికి వెళ్లదు. ఎవరు దరఖాస్తు చేశారు, ఎవరికి వచ్చింది అని లెక్క తీయడానికి వాడతారు. జల్లెడను, రికార్డును వేరుచేయడమంటే ఇదే.

ఇప్పుడు మనవాళ్ల నుంచి వచ్చే అభ్యంతరానికి వస్తాను. "మనం ఎందుకు దాచుకోవాలి? దాచడమంటే సిగ్గుపడటమే కదా?" అని కొందరు మిత్రులు గట్టిగానే అంటారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ దాచడం వేరు, అడగని ప్రశ్నకు జవాబు ఇవ్వకపోవడం వేరు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివితే ఆ స్కూలు పేరు రెజ్యూమెలో రాయాల్సిందే. అది చదువు, మన కష్టం, దాన్ని ఎవరి కోసమూ చెరపొద్దు. ప్రభుత్వ ఉద్యోగం దరఖాస్తులో ఎస్సీ గడి టిక్ పెట్టాల్సిందే, సర్టిఫికెట్ జత చేయాల్సిందే. అక్కడ ఆ గడి ఒక హక్కును తెరుస్తుంది. ప్రైవేటు రెజ్యూమెలో ఆ లైను ఏ హక్కునూ తెరవదు, తలుపు మూయడానికి మాత్రమే పనికొస్తుంది. రెంటికీ తేడా తెలుసుకోవడం సిగ్గుపడటం కాదు.

అసలు ఇబ్బంది ఇంకోచోట ఉంది. మన పిల్ల ఒక్కతే ఈ లైన్లు తీసేస్తే సరిపోదు. పేరు మిగులుతుంది, ఇంటిపేరు మిగులుతుంది. ఇంటర్వ్యూలో "మీ ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ చెప్పమ్మా" అనే ప్రశ్న మిగులుతుంది. సురీందర్ జోద్కా, కాథరీన్ న్యూమన్ 2007లో హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడి రాసిన వ్యాసంలో ఈ ప్రశ్న గురించే వివరంగా ఉంది. కులం అనే మాట ఎత్తకుండానే కులం ఎలా అడగొచ్చో అందులో కనపడుతుంది. ఇది ఒక్కరి రెజ్యూమెతో తీరేది కాదు. ఫారమే మారాలి.

ఫారం మార్చిన వాళ్లున్నారు. జపాన్‌లో బురాకుమిన్ అనే సమాజం ఉంది. తోలు పని, చావు పని, కసాయి పని చేసినవాళ్లని ముద్రవేసి వందల ఏళ్లు ఊరి బయట ఉంచారు. 1871లో చట్టప్రకారం ఆ ముద్ర తీసేశారు, కాగితం మీద. కానీ కంపెనీల దరఖాస్తు ఫారాల్లో మూల చిరునామా గడి, తల్లిదండ్రుల వృత్తి గడి ఉండేవి. ముఖం చూస్తే తెలియదు, పేరు చూస్తే తెలియదు. ఊరు చూస్తే తెలుస్తుంది. మన ఎస్సీ కాలనీ లైను లాంటిదే.

అక్కడి బురాకు ఉద్యమం, హైస్కూలు టీచర్లు కలిసి పట్టుబట్టారు. 1971లో కిన్‌కి ప్రాంతంలో, 1973లో దేశమంతటా హైస్కూలు పిల్లలకు ఒకే దరఖాస్తు ఫారం వచ్చింది. కంపెనీ సొంత ఫారం చెల్లదు. 1996 సవరణలో మూల చిరునామా, కుటుంబం గడులు పూర్తిగా పోయాయి. 2021లో కార్మిక మంత్రిత్వ శాఖ పెద్దల కోసం ఇచ్చిన నమూనా రెజ్యూమెలో జీవిత భాగస్వామి ఉన్నారా అనే గడి తీసేసింది, లింగం గడిని ఇష్టమైతేనే నింపేదిగా మార్చింది. ఫొటో, పుట్టిన తేదీ మాత్రం ఇంకా ఉన్నాయి.

అంతటితో కంపెనీలు ఊరుకోలేదు. బురాకు ఊళ్ల పేర్లన్నీ అచ్చువేసిన రహస్య జాబితాలు కొనుక్కున్నాయి. 1975లో ఆ సంగతి బయటపడింది. కొన్నవి 200కు పైగా కంపెనీలు. ఉద్యమం మళ్లీ పోరాడితే 1985లో ఒసాకా ప్రిఫెక్చర్ అలాంటి ఆరాలను కట్టడి చేసే నిబంధన తెచ్చింది. గడి ఒక్కటీ తీస్తే కులం పోదని ఇది చెబుతోంది. అయితే గడి తీయించాకే ఆ దొంగ జాబితా నేరంలా కనిపించింది. ఫారంలోనే అడుగుతున్నంతకాలం అది పద్ధతిగానే చలామణీ అయింది.

కాబట్టి విద్యార్థి సంఘాల మిత్రులకు నా సూచన ఒకటే. మీ కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌కి వెళ్లి వాళ్లు పంచే రెజ్యూమె నమూనా అడిగి తీసుకోండి. అందులో మతం, కులం, తండ్రి పేరు, తండ్రి వృత్తి, వివాహ స్థితి, ఫొటో ఉంటే, తీసేయమని ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. మన పిల్లలకే కాదు, క్లాసులో అందరికీ తీసేయమనండి. మనవాళ్లు మాత్రమే ఖాళీ వదిలితే ఆ ఖాళీయే మనల్ని పట్టిస్తుంది. రెడ్డిగారబ్బాయి కాగితమూ మనమ్మాయి కాగితమూ ఒకే గడులతో వెళ్లినప్పుడే లైను తీసేసినందుకు ఫలితం ఉంటుంది. కంపెనీ వాళ్లు ఆ వివరాలు కావాలంటే, ఆఫర్ లెటర్ ఇచ్చాక జాయినింగ్ ఫారంలో అడగమనండి.

ఆ చెల్లి ఇప్పుడు మూడు ఫైళ్లు పెట్టుకుంది, దేశానికొకటి. మూడింటిలోనూ మొదటి పేజీ ఒకటే: రిజిస్ట్రేషన్ నంబరు, 12 బెడ్ల ఐసీయూ, వెంటిలేటర్ కేర్, రాత్రి షిఫ్టు ఇన్‌చార్జి. ఇవి ఇంతకుముందు ఎందుకు రాయలేదమ్మా అంటే "చోటు సరిపోలేదన్నా" అంది.

ఎవరైనా మీ ప్లేస్‌మెంట్ సెల్ నమూనా నాకు పంపితే, వచ్చే భాగంలో గడి గడికీ చూద్దాం.

జై భీమ్.